పది నిమిషాల ఎరుపు

మా ఇంట్లో ఒక కొత్తల్లుడు ఉన్నాడు. మాకు కూతుళ్ళు లేరు, అయినా ఉన్నాడు. మా ఆయన ఎడమ మోకాలి కింద తగిలించుకునే పెట్టుడు కాలికి నేను పెట్టిన పేరది. ఊరికే పెట్టలేదు. దాని లోపలి మెత్తటి తొడుగును రోజూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, ఎండలో పెట్టకూడదు, దానికి వేరే సబ్బు, వేరే గుడ్డ. ఏ చిన్న లోటు జరిగినా అల్లుడు అలుగుతాడు. ఆ అలక మా ఆయన చర్మం మీద చూపిస్తాడు. ఇన్ని మర్యాదలు నా సొంత తమ్ముడికి కూడా నేనెప్పుడూ చెయ్యలేదు.

మా ఆయన్ని అందరూ మాస్టరు అంటారు. బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, బట్టలు కత్తిరించే మాస్టరు. ముప్పై ఏళ్ళు ఒకే టైలరింగ్ షాపులో కటింగ్ బల్ల ముందు నిలబడ్డారు. మనిషి గుమ్మం దాటి లోపలికి రాగానే నడుము కొలత చెప్పేస్తారు. టేపు పెట్టి చూస్తే అదే ఉంటుంది. తేడా వస్తే మనిషిదే తప్పు, ఆయనది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఇప్పుడీ సామెత ఆయన ముందు అంటే, "కుందేలుకు మూడైనా ఉన్నాయే, నాకు ఒకటిన్నరే" అని నవ్వుతారు. నేను ఇంట్లోనే కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. ఆయన కత్తిరించిన చొక్కాలకు చివరి కుట్టు నాదే.

కాలు ఎలా పోయిందో చెప్పాలి. షుగరు ముదిరితే పాదాలకు నొప్పి తెలియదని డాక్టరు చెబితే, "అదృష్టమే కదండీ" అన్న మనిషి ఈయన. కొత్త బూటు కరిచి బొబ్బ లేచింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు, నేను తిడతానని చెప్పనూ లేదు. పదకొండు రోజులు దాచారు. నాకు వాసన వచ్చేసరికి ఆలస్యమైపోయింది. మోకాలు మిగిలింది, అదే గొప్ప అన్నారు డాక్టర్లు. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట ఈ మనిషి ఒంటి మీద బొబ్బ లేస్తే నాకు తెలియకుండా లేవకూడదు.

అందుకే మా ఇంట్లో సాయంత్రం ఏడు గంటలకు తనిఖీ. ఆయన మంచం అంచున కూర్చుని కాలు విప్పుతారు. సాక్సు లాగేస్తారు. మోకాలి కింద మిగిలిన కాలిని గోరువెచ్చటి నీళ్ళతో, వాసన లేని సబ్బుతో కడుగుతాను. రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో అద్దాలి. కుట్టు వేసిన చోట చర్మం మడత పడుతుంది, అక్కడ తడి నిలవకూడదు. కడగడం సాయంత్రమే, పొద్దున్నే కాదు. తడి చర్మం మీద కాలు తొడిగితే ఒరిపిడి ఎక్కువ. ఇవన్నీ మాకు ఆస్పత్రిలో కాళ్ళు కట్టే విభాగం అమ్మాయి నేర్పింది. ఆ అమ్మాయికి మేం పెట్టిన పేరు కాళ్ళమ్మాయి. మా ఇంట్లో ఎవరికీ అసలు పేరు నిలవదు.

ఆఖరుకు చేతి అద్దం. వెనకవైపు, అడుగున ఆయనకు కనబడదు కాబట్టి అద్దం పెట్టి నేను చూడాలి. ఎర్రగా ఉన్న చోటు గుర్తుపెట్టుకుని గడియారం వంక చూస్తూ కూర్చోవాలి. పది నిమిషాల్లో ఎరుపు పోతే పరవాలేదు. పోకపోతే అక్కడ కాలు నొక్కుతున్నట్టు. మోకాలిచిప్ప కింద కాస్త ఎర్రబడటం మామూలే, బరువు మోయాల్సింది అక్కడే. ముందు ఎముక కొసన మాత్రం ఎరుపు రాకూడదు. అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్య ఏమీ లేదు.

"తీర్పు చెప్పండి జడ్జిగారూ" అనేవారు ఆయన.

"నిర్దోషి. పొండి" అనేదాన్ని నేను.

ఆరు నెలలు ఇలా గడిచింది. ఈ మధ్య మా గదిలో ట్యూబ్‌లైటు కాంతి తగ్గిందని నేను గోల పెడితే ఆయన కొత్తది వేయించారు. ఆ కొత్తదీ అంతంతమాత్రమే. ఇప్పుడు సరుకు అలాగే వస్తోందిలే అనుకుని ఊరుకున్నాను.

అప్పుడు షాపు ఓనరు ఫోన్ చేశాడు. ఆయన, ఓనరు ఒకే వయసువాళ్ళు, 'ఒరేయ్' అనుకునేంత స్నేహం.

"ఒరేయ్ మాస్టరూ, ఒకటో తారీఖు నుంచి రా. నువ్వు లేక ఏడాది నుంచి ఎవరి చొక్కాలో ఎవరికో సరిపోతున్నాయి. పొద్దున నాలుగు గంటలు నిలబడగలిగితే చాలు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన లేచి, బీరువా పైనుంచి పెద్ద కత్తెర దింపి, గుడ్డలో ఉన్నదాన్ని విప్పి, నూనె వేశారు. ఏడాదిగా ఆ కత్తెర వంక చూడని మనిషి. ఆ పని దొరికితే ఈయన మళ్ళీ ఈయన అవుతారు, అది నాకు తెలుసు. ఇంట్లో కూర్చుని నా కాజాలకు వంకలు పెట్టడం మానేస్తారు, అదీ ఒక లాభమే.

ఇబ్బంది ఏమిటంటే, కాలు వదులైంది. మొదటి ఏడాది మిగిలిన కాలు సన్నబడుతూనే ఉంటుందనీ, వదులైతే ఇంకో సాక్సు కలుపుకోవాలనీ, సాక్సులు ఎక్కువైపోతే తన దగ్గరికి రావాలనీ కాళ్ళమ్మాయి ముందే చెప్పింది. ఆ సాక్సులు మామూలువి కావు. ఒక పొర, మూడు పొరలు, ఐదు పొరలు అని లెక్క ఉంటుంది, ఎక్కడా అతుకు ఉండదు. అవి ఆమే ఇస్తుంది. ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది.

కానీ మాస్టరు ఫోన్ ఎందుకు కొడతారు? 

"వదులైతే బిగించడం ఆల్టరేషన్ పనే కదా. ముప్పై ఏళ్ళు ఆల్టరేషన్ చేసినవాడికి సాక్సు కుట్టడం ఎవరో చెప్పాలా? కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు ఉంటుంది" అన్నారు.

నాకూ అది నిజమే అనిపించింది. ఇద్దరం టైలర్లమే, ఇద్దరికీ ఒకే తెగులు. మెత్తటి పాత బనీన్లు మూడు తెచ్చి, ఆయన టేపు పెట్టి కొలిచి, కత్తిరించి ఇచ్చారు. నేను కుట్టాను. అడుగున గుండ్రంగా మూసి, కుట్టు ఊడిపోకుండా రెండుసార్లు వేశాను. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. నా చేతి కుట్టు ఊడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మెత్తగా ఉన్నది ఒంటికి తగలాలని, దాన్ని లోపల వేసుకుని ఆస్పత్రి సాక్సు పైన వేసుకున్నారు. కాలు బిగిసింది. ఆయన గది ఈ మూల నుంచి ఆ మూలకు నాలుగుసార్లు నడిచి, "చూశావా ఫిట్టింగు!" అన్నారు.

వారం రోజులు అలా నడిచారు. రోజూ ఏడింటికి అద్దం పట్టాను. రోజూ నిర్దోషి అన్నాను.

ఎనిమిదో రోజు పొద్దున ఆ బనీను సాక్సు ఉతుకుతుంటే ఒక చోట వేలికి గరుగ్గా తగిలింది. గంజి పెట్టినట్టు అట్టకట్టింది. రెండు చేతులతో లాగి చూశాను, నీళ్ళల్లో ముంచాను, మళ్ళీ తడిమాను. అనుమానం వచ్చి ఆయన చేతికిచ్చాను.

ఆయన చూసి, "రక్తంలా ఉందే" అన్నారు, కాఫీ చల్లారింది అన్నంత మామూలుగా.

ఇక చూడాలి నా కోపం. ఒకటో తారీఖు ఇంకా నాలుగు రోజులుంది. కాలు విప్పి పక్కన పెట్టించి, చంకకర్రలు ఇచ్చి, ఆటో ఎక్కించి, అల్లుణ్ణి సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాను. దారంతా కాళ్ళమ్మాయిని ఎలా దులపాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

కాళ్ళు కట్టే విభాగం ఆస్పత్రిలో చివరి గది. గోడకు రకరకాల కాళ్ళు ఆనించి ఉంటాయి, మూలన ప్లాస్టరు పిండి బస్తాలు, నడక నేర్చుకోవడానికి రెండు చేపట్టు కమ్మీలు, వాటి చివర నిలువెత్తు అద్దం. కాళ్ళమ్మాయి ఏప్రన్ నిండా తెల్లటి పొడితో ఒక సాకెట్టును గీస్తోంది. సాకెట్టు అంటే కాలు దిగే గిన్నె.

"అమ్మాయ్, ఇదేనా నువ్వు చేసిన కాలు?" అన్నాను గుమ్మంలోంచే. "మా ఆయన్ని కొరికి పెట్టింది. ఒకటో తారీఖు పనిలోకి వెళ్ళాల్సిన మనిషి. ఆరు నెలలకే ఇలా పాడైతే ఎలా? కొలతలు సరిగ్గా తీసుకున్నావా అసలు? మా షాపులో అయితే ఇలాంటి ఫిట్టింగుకు గుడ్డ మొహాన కొడతారు!"

ఆ పిల్ల నొచ్చుకోలేదు. చేతులు దులుపుకుని, "కూర్చోండమ్మా, ముందు కాలు చూద్దాం. తిట్లు అయిపోలేదుగా, మిగిలినవి చూశాక తిడుదురుగాని" అంది.

ఆయన కాలును తన ఒళ్ళో పెట్టుకుని, పెద్ద దీపం దగ్గరికి లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. ముందు ఎముక కొసన పప్పుబద్దంత చోట చర్మం లేచి పోయిందట. దాని పక్కనుంచి అడ్డంగా ఒక ఎర్ర గీత ఉందట. ఆ గీత మీద వేలు పెట్టి నొక్కి తీసింది. "నొక్కినా తెల్లబడట్లేదు" అని తనలో తను అనుకుంది. తర్వాత, "ఇది గీత కాదు. చుక్కలు. వరసగా, సమానంగా ఉన్నాయి" అంది. ఒక చిన్న స్కేలు పెట్టి కొలిచింది. "అంగుళానికి పద్నాలుగు. మాస్టారూ, మీ దగ్గర అంగుళానికి పద్నాలుగు కుట్లు ఎవరు వేస్తారు?"

మా ఆయన దొంగకు తేలు కుట్టినట్టు కిటికీ వంక చూశారు. నేను సంచి వంక చూశాను. సంచిలో కాలు పక్కనే మిగతా రెండు బనీను సాక్సులు ఉన్నాయి. ఆ పిల్ల వాటిని తీసి, తిరగేసి, అడుగున కుట్టు మీద బొటనవేలు రాసి చూసింది.

"ఎంత అందంగా కుట్టారమ్మా" అంది. తిట్టినా బాగుండేది. "మీ బరువంతా వేసి ఈ కుట్టు మీద నిలబడ్డారు మాస్టారూ. కాలు సన్నబడి గిన్నెలో కిందికి దిగిపోయింది, ఎముక కొస వెళ్ళి సరిగ్గా ఈ అతుకు మీద ఆనింది. అందుకే కదా అతుకులేని సాక్సులే వాడమన్నాను."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ పిల్లనీ, అల్లుణ్ణీ అన్ని మాటలన్నాను. తప్పు చూస్తే నా సొంత చేతి కుట్టు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కానీ ఆ పిల్ల అక్కడితో ఆగలేదు.

"ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. చుట్టూ చర్మం నల్లబడింది. నాలుగైదు రోజుల ముందే ఎర్రగా ఉండి ఉండాలి. ఆయనకు స్పర్శ తక్కువ, తెలియదు. రోజూ అద్దం పెట్టి చూస్తున్నారా? ఎవరు చూస్తున్నారు?"

పక్క గదిలో మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"తప్పు నాదేనమ్మా" అన్నారు మా ఆయన. "వారం నుంచి నేను చూపించట్లేదు. దీన్ని దగ్గరికి రానివ్వలేదు. పనిలోకి వెళ్ళనివ్వదేమోనని దాచాను. నాది దాచే బుద్ధి, మీకు తెలుసుగా."

నేను ఆయన మొహం వంక చూశాను. రోజూ ఏడింటికి కాలు చాపి తీర్పు చెప్పమన్న మనిషి. ఒక్కరోజు కూడా దాచలేదు. ఎంత తేలిగ్గా అబద్ధమాడుతున్నారు! పదకొండు రోజులు దాచినప్పుడు కూడా ఇంత తేలిగ్గా ఆడలేదు.

"అబద్ధం" అన్నాను. "రోజూ చూపించారు. రోజూ చూశాను. నాకు కనబడలేదు."

ఎన్ని నెలలుగా నాకు నేను కూడా చెప్పుకోని మాట. కళ్ళ ముందు గాజుగుడ్డ వేలాడదీసినట్టు ఉంటోంది. ఎరుపు, గోధుమరంగు నాకు ఒకటిగానే కనబడుతున్నాయి. ట్యూబ్‌లైటు మీద నేరం మోపాను. కాజాలు వేలి గుర్తుతో కుట్టేస్తున్నాను. చెబితే ఇంట్లో రెండో ఆపరేషను. ఒకరికి కాలు, ఇంకొకరికి కళ్ళు, ఈ సంసారాన్ని ఎవరు లాగుతారని భయం. పదకొండు రోజులు దాచారని ఈయన్ని ఏడాదిగా దెప్పుతున్నాను. నేను ఎన్ని నెలలు దాచానో లెక్క కూడా లేదు.

కాళ్ళమ్మాయి నా మొహానికి దగ్గరగా వచ్చి కళ్ళలోకి చూసింది. "శుక్లాలేమోనమ్మా. కంటి విభాగం ఈ వరండాలోనే, నాలుగో తలుపు. ఇప్పుడే వెళ్ళండి" అంది. తర్వాత ఆయన వంక తిరిగింది. "మీరు మాత్రం ఎక్కడికీ వెళ్ళరు. చర్మం పూర్తిగా మూసుకునేదాకా కాలు తొడగడానికి వీల్లేదు. ఒక్క గంట కూడా వద్దు. ఆ పుండు పెద్దదైతే తర్వాత మోకాలి దాకా వెళ్తుంది. మోకాలు పోతే అప్పుడు నడక వేరే సంగతి."

"ఎన్నాళ్ళు?" అన్నారు ఆయన.

"రెండు వారాలు. షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ."

"ఒకటో తారీఖు..."

"తారీఖు మీ చర్మానికి తెలియదు మాస్టారూ."

నర్సు కట్టు కట్టింది. వాపు రాకుండా కట్టు పైనుంచి బిగుతుగా సాగే తొడుగు ఎలా వేయాలో చూపించింది. ఆయన చంకకర్రల మీద వరండాలోకి వచ్చి, బెంచీ మీద కూర్చుని, ఓనరుకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"ఒరేయ్, నా ఫిట్టింగులో చిన్న తేడా వచ్చింది. ఆల్టరేషన్‌కు ఇచ్చాను. రెండు వారాలు పడుతుంది" అన్నారు.

అవతల ఓనరు ఎంత గట్టిగా నవ్వాడో నాకు కూడా వినిపించింది. "ముప్పై ఏళ్ళుగా నువ్వు అందరికీ చెప్పిన మాటే కదరా! ఎంతమందిని రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పావు! ఇప్పుడు నువ్వు తిరుగు. కత్తెర ఎక్కడికీ పోదులే. కానీ ఒకటో తారీఖు నుంచి పదిహేను రోజులే చూస్తాను, పండక్కి బట్టలు అన్నట్టు నెలలు సాగదీయకు. ఇక్కడ బల్ల ఖాళీగా ఉంది, రెండో మనిషిని మాట్లాడాల్సి వస్తుంది."

ఆ రెండు వారాలు మా ఇంట్లో ఒక వింత సంసారం నడిచింది. అల్లుడు గోడకు ఆనుకుని అలిగి కూర్చున్నాడు. మాస్టరు మంచం మీద. నాలుగో తలుపు డాక్టరు నా కుడి కన్నుకు తొమ్మిదో రోజు ఆపరేషను చేసి, పైన మూత వేసి పంపాడు. మమ్మల్ని చూసి ఇంటి ఎదుటి ఆవిడ, "మీ ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి" అంది. మా ఆయన, "ఒకటిన్నర" అన్నారు.

తనిఖీ మాత్రం మానలేదు. పద్ధతి మారింది. అద్దం ఆయన పట్టుకుని ఆయనే చూసుకోవాలి. నేను చేతి వెనకవైపుతో తడమాలి. నొక్కుడు పడిన చోట చర్మం పక్క చర్మం కంటే వెచ్చగా ఉంటుందట. కళ్ళు మోసం చేసినా చెయ్యి చెయ్యదు, ముప్పై ఏళ్ళుగా గుడ్డ తడిమిన చెయ్యి. ఇంకా కాళ్ళమ్మాయి చెప్పినట్టు రోజూ ఒక ఫోటో తీసి ఆమెకు పంపాలి. మా ఆయన మొదటిరోజు పంపిన ఫోటోలో కాలు లేదు, ఆయన గడ్డం ఉంది. "గడ్డం బాగానే మానుతోంది మాస్టారూ, ఇక కాలు పంపండి" అని జవాబు వచ్చింది.

పదమూడో రోజుకు పుండు మూసుకుంది. పదిహేనో రోజు మళ్ళీ ఆ చివరి గదికి వెళ్ళాం.

"మీ మాటల్లో చెప్పాలంటే, మొదటి ట్రయలు" అంది కాళ్ళమ్మాయి. పిల్లలు ఆడుకునే బంకమట్టి శనగగింజంత తీసి గిన్నె అడుగున పెట్టింది. అతుకులేని ఒక పొర సాక్సు తొడిగి, కాలు తగిలించి, కమ్మీల మధ్య నిలబడమంది. ఆయన బరువు వేశారు. విప్పి చూస్తే మట్టి కాగితంలా చదునైపోయింది. "చూశారా, ఎముక అడుగు దాకా దిగిపోతోంది." ఇంకో మూడు పొరల సాక్సు, దాని మీద ఐదు పొరలది వేసి మళ్ళీ నిలబెట్టింది. ఈసారి మట్టి కొంచెమే అణిగింది. "అంటే ఇప్పుడే తొమ్మిది పొరలు పడుతున్నాయి. ఇన్ని సాక్సులతో నెట్టుకురావడం మంచిది కాదు. లోపల మెత్త అతికిస్తాను. అది చాలనంతగా సన్నబడితే కొత్త గిన్నె చేద్దాం."

తర్వాత ఆ పిల్ల సొరుగు లాగి లిప్‌స్టిక్ తీసింది. మంచి ముదురు ఎరుపు, అది నాకు కనబడింది. కొత్తగా మూసుకున్న చోటును వదిలేసి, దాని పైన ఎముక గట్టు మీద చుక్కలు పెట్టింది.

"ఏవండీ" అన్నాను, "నలభై ఏళ్ళ కాపురంలో మీ ఒంటి మీద లిప్‌స్టిక్ చూడటం ఇదే మొదలు. నా ఎదురుగానే పెట్టించుకుంటున్నారు, ధైర్యం బాగానే ఉంది."

"నీకు కళ్ళు వచ్చాయని ఎవరికి తెలుసు?" అన్నారు ఆయన.

కాలు తొడిగి విప్పితే లోతొడుగు మీద ఎర్రటి మచ్చలు అచ్చుపడ్డాయి. ఎక్కడ అచ్చు గట్టిగా పడిందో అక్కడ గిన్నెను లోపల కాస్త గీసి లోతు చేసింది, ఎముకకు చోటు దొరికేలా. మెత్త అతికించింది. మా ఆయన ఆ పనంతా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశారు. "చొక్కాకు చంకలో వదులు వదిలినట్టే" అన్నారు చివరికి, మెచ్చుకోలుగా. ఇంకొకరి ఫిట్టింగును ఈయన మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

"మొదటిరోజు ఒక గంట. విప్పి చూడండి. బాగుంటే మర్నాడు రెండు. అలా పెంచుకుంటూ నాలుగు గంటలు నిలబడ్డాక కూడా ఎరుపు పది నిమిషాల్లో పోతేనే పనిలోకి" అంది.

నాలుగోరోజు మధ్యాహ్నం మూడింటి నుంచి మా ఆయన వంటింటి గట్టు ముందు పాత దుప్పటి పరిచి, దాని మీద సుద్ద గీతలు గీసి, నాలుగు గంటలు నిలబడి కత్తిరించారు. నాకు దుప్పటి పోయినా బాధ లేదు. కత్తెర చప్పుడు ఏడాది తర్వాత విన్నాను. మధ్యలో రెండుసార్లు కాలు వదులైందని తనంతట తనే ఆగి, కూర్చుని, ఇంకో పలచటి సాక్సు కలుపుకున్నారు. నన్ను అడగలేదు, తానే లెక్క చెప్పారు.

అదేరోజు సాయంత్రం ఏడింటికి తనిఖీ. ఓనరు పెట్టిన గడువు మర్నాటితో ఆఖరు.

కడిగాను, అద్దాను, చెయ్యి పెట్టి చూశాను. మోకాలిచిప్ప కింద వెచ్చగా ఉంది. ఎముక కొసన... అక్కడా కొంచెం వెచ్చగా ఉన్నట్టుంది. అద్దం తీసుకుని, కొత్త కన్నుతో, చాలా దగ్గరగా చూశాను. చాలాకాలం తర్వాత ఆ కాలును నిజంగా చూస్తున్నాను. కుట్టు గీత ఎంత తెల్లగా ఉందో, చర్మం ఎంత పలచగా ఉందో. కొత్త చర్మం మీద రూపాయి బిళ్ళంత ఎరుపు ఉంది. నాకు స్పష్టంగా కనబడింది.

"ఉంది" అన్నాను.

ఆయన గడియారం వంక చూశారు. ఏడూ పన్నెండు.

పది నిమిషాలు ఎంత పొడుగో ఎదురుచూసేవాళ్ళకే తెలుస్తుంది. నేను నేల మీద కూర్చున్నాను, ఆ కాలు నా చేతుల్లో ఉంది. చూస్తే త్వరగా పోదన్నట్టు ఇద్దరం దాని వంక చూడటం మానేశాం.

"ఒక సంగతి అడుగుతాను" అన్నాను. "రోజూ పొద్దున నా సూదులదిండు మీద పన్నెండు సూదులు దారం ఎక్కించి ఉండేవి. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేస్తున్నారనుకున్నాను. మీకు తెలుసు కదూ?"

"ఒకరోజు నువ్వు దారం సూది పక్కనుంచి పోనిచ్చి, అవతల పట్టుకుని లాగావు" అన్నారు ఆయన. "అప్పుడు తెలిసింది."

"తెలిసి చెప్పలేదా? కనబడని దాని చేత రోజూ తనిఖీ చేయించుకున్నారా? మీకేమైనా మతి ఉందా? అంత పుండు పడింది!"

"నా కాలు ఎర్రబడుతుందని నేనేం కలగన్నానా? నిన్ను నొప్పించకూడదనుకున్నాను." ఆయన పక్కనున్న మెత్తటి గుడ్డను మడత పెట్టారు. "ఇంకోటి కూడా ఉంది. ఆపరేషను అయిన కొత్తలో ఈ కాలును నేనే ముట్టుకోలేకపోయేవాణ్ణి. నువ్వు మొదటిరోజు ఒళ్ళో పెట్టుకున్నావు, చిన్నపిల్లని పెట్టుకున్నట్టు. రోజూ ఏడింటికి పెట్టుకుంటావు. కళ్ళు కనబడట్లేదని చెబితే ఆ పని ఇంకెవరికో పోతుందనుకున్నాను."

నేను తిడదామని నోరు తెరిచాను. ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేముంది. ఆపరేషను కన్ను తడి కాకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి ఆయన ఆ మెత్తటి గుడ్డతో జాగ్రత్తగా కంటి కింద చెంప అద్దారు, రుద్దకుండా.

"టైం అయింది జడ్జిగారూ" అన్నారు.

ఏడూ ఇరవైరెండు. అద్దం పెట్టాను. మోకాలిచిప్ప కింద ఎరుపు పోయింది. ఎముక కొసన వేలితో నొక్కి తీశాను. పక్క చర్మం ఎలా ఉందో అదీ అలాగే ఉంది. నమ్మకం చాలక చేతి వెనకవైపు పెట్టాను. వేడి లేదు. మళ్ళీ చూశాను. అప్పుడు తల ఎత్తి ఆయన మొహం వంక చూశాను, దాన్నీ నేను సరిగ్గా చూసి చాలాకాలమైంది. ఎంత ముసలివాడైపోయారో నాకెవరూ చెప్పలేదు.

"నిర్దోషి" అన్నాను. "రేపు పనిలోకి పొండి. ఏడింటికల్లా ఇంటికి రండి."